కళావరులో కర్ర ఏది?

పేక కట్ట దగ్గరుంటే అందులోంచి కళావరు ముక్క ఒకటి తీయండి. కట్ట లేకపోతే ఫోన్‌లో ఏ కార్డుల గేమ్ తెరిచినా సరే, అదే బొమ్మ కనిపిస్తుంది. నల్లగా మూడు గుండ్రటి ఆకులు, కింద పొట్టి కాడ. ఎటు తిప్పి చూసినా ఆకే. ఇంగ్లీషులో మాత్రం దీని పేరు ‘క్లబ్స్’. క్లబ్ అంటే ఇక్కడ సాయంత్రం పూట పేకాడుకునే క్లబ్బు కాదు, దుడ్డుకర్ర. ఆకు బొమ్మ వేసి దుడ్డుకర్ర అని ఎందుకు పిలుస్తున్నట్టు?

ఇస్పేటు సంగతీ అంతే. ఇంగ్లీషులో ‘స్పేడ్’ అంటే మట్టి తవ్వే పార కాబట్టి అది పార బొమ్మేమో అని చాలామంది అనుకుంటారు. కానీ పేకలోని ఆ మాటకి పారతో చుట్టరికం లేదు. అది కత్తి. మరి ఆ బొమ్మలో కత్తి ఎక్కడుంది?

కర్రా పోయింది, కత్తీ పోయింది, పేర్లు మాత్రం మిగిలాయి. ఈ వారం ఆ పేర్లు పట్టుకుని వెనక్కి నడుద్దాం. ముందే ఒక మాట. మన ఆటగాళ్ళ భాషలో ‘రంగు’ అంటే ఎరుపు, నలుపు కాదు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఇక్కడ కూడా రంగు అన్నప్పుడల్లా అదే అర్థం.

మొదటి మజిలీ ఇస్తాంబుల్. అక్కడి తోప్‌కాపీ రాజభవనం ఇప్పుడు మ్యూజియం. 1931లో ఎల్.ఎ. మేయర్ అనే పండితుడి కంట అక్కడ ఒక పాత పేక కట్ట పడింది. ఈజిప్టును ఏలిన మామ్లూక్ సుల్తానుల కాలం నాటిది. ఒక్కో ముక్క దాదాపు పాతిక సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. అంటే మన ముక్కలకి దాదాపు మూడింతల ఎత్తు. చేత్తో వేసిన బొమ్మలు, మధ్య మధ్య బంగారు పూత. కట్టలో మిగిలినవి 47 ముక్కలే, కానీ లెక్క చూస్తే మొత్తం ఎన్ని ఉండాలో తెలిసిపోతుంది. నాలుగు రంగులు. ఒక్కో రంగులో ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు, వాటిపైన మూడు పెద్ద ముక్కలు. పదమూడు నాలుగుల 52.

ఆ నాలుగు రంగులు ఏమిటంటే గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు.

అదిగో, కర్ర దొరికింది. పోలో అంటే గుర్రం మీద కూర్చుని పొడవాటి కర్రతో బంతిని కొట్టే ఆట. దీని పాత పేరు చౌగాన్. స్కూల్లో చదువుకునే ఉంటారు, కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోర్‌లో చౌగాన్ ఆడుతూ గుర్రం మీంచి పడి చనిపోయాడని. ఆ ఆటే. ఐబక్ లాగే కైరో మామ్లూకులు కూడా సైన్యం కోసం కొనితెచ్చిన బానిసలుగా మొదలై గద్దెనెక్కినవాళ్ళు. వాళ్ళ దర్బారులో సుల్తాను గిన్నె అందించేవాడికి ఒక హోదా, కత్తి మోసేవాడికి ఒక హోదా, పోలో కర్రలు చూసుకునేవాడికీ ఒక హోదా ఉండేవి. ఈ అధికారులు తమ పదవి గుర్తుని పాత్రల మీద, గోడల మీద చెక్కించుకునేవారు. కాబట్టి పేక మీద కనిపించే గిన్నె, కత్తి, పోలో కర్ర ఆటగాళ్ళకి రోజూ కళ్ళబడే గుర్తులే. మన దగ్గర పార్టీ గుర్తులు వేసి పేక అచ్చేస్తే ఎలా ఉంటుందో, దాదాపు అలా అన్నమాట.

పెద్ద ముక్కల సంగతి ఇంకా బాగుంటుంది. వాటి మీద మనిషి బొమ్మే లేదు. రంగు గుర్తు, చుట్టూ అలంకారం, కింద అరబ్బీలో పేరు, అంతే. మొదటివాడు ‘మాలిక్’, అంటే రాజు. రెండోవాడు ‘నాయిబ్ మాలిక్’, రాజు తరఫున పనులు చూసే ప్రతినిధి. మూడోవాడు ‘థానీ నాయిబ్’, రెండో ప్రతినిధి. రాణి లేదు. నాయిబ్ మనకి కొత్త మాటేం కాదు. నాయబ్ తహసిల్దారు అంటామే, అందులోది ఇదే.

తోప్‌కాపీ కట్ట తయారయ్యేసరికే యూరప్‌లో పేక ఆడుతున్నారు. అలాంటప్పుడు ఈజిప్టు నుంచి యూరప్‌కి వెళ్ళిందని ఎలా అంటాం? ఈజిప్టులో ఇంతకంటే పాతవని నిపుణులు లెక్కగట్టిన కార్డు తునకలు దొరికాయి, అదొక ఆధారం. అంతకంటే గట్టి సాక్ష్యం ఆ ‘నాయిబ్’ మాటే. స్పెయిన్‌లో ఇప్పటికీ పేక ముక్కల్ని ‘నైపెస్’ అంటారు. 1371లో కాటలాన్ భాషలో రాసిన ఒక ప్రాసల నిఘంటువులో ‘నైప్’ అనే మాట ఉంది. 1377 మార్చిలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం, కొత్తగా వచ్చిపడిన ‘నైబ్బె’ అనే ఆటని నిషేధిస్తూ ఆజ్ఞ జారీ చేసింది. పెద్ద ముక్క పేరే మొత్తం ఆట పేరైపోయింది. పైగా పేక గురించి యూరప్‌లో దొరికే తొలి కాగితాల్లోనే నిషేధం ఉందంటే, ఆట ఎంత వేగంగా పాకిందో అర్థమవుతుంది. సర్కారు నోటీసు ఊరికే రాదు కదా!

అదే 1377లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో యోహానెస్ అనే సన్యాసి పేక గురించి లాటిన్‌లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఈ ఆట ఆ ఏడే తమ దగ్గరికి వచ్చిందని చెప్పి, కట్టని వివరంగా వర్ణించాడు. నలుగురు రాజులు సింహాసనాల మీద కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గుర్తు. రాజు కింద ఇద్దరు సేనానులు. ఒకడు ఆ గుర్తుని పైకెత్తి పట్టుకుంటాడు, రెండోవాడు కిందికి దించి పట్టుకుంటాడు. వాళ్ళ కింద పది అంకె ముక్కలు. మొత్తం 52. అంటే కైరోలో రాజు, ఇద్దరు నాయిబులు ఉన్న చోట ఇక్కడ రాజు, ఇద్దరు సేనానులు వచ్చారు. అక్కడ అక్షరాలు ఉన్న చోట ఇక్కడ మనుషుల బొమ్మలు వచ్చాయి. లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. జర్మన్ పేకలో ఆ ‘పైవాడు’, ‘కిందివాడు’ ఇప్పటికీ అవే పేర్లతో ఉన్నారు.

ఇక కర్రకి వద్దాం. ఇటలీ, స్పెయిన్ వాళ్ళు గిన్నెని గిన్నెగా, నాణేన్ని నాణెంగా, కత్తిని కత్తిగా గీసుకున్నారు. పోలో కర్ర దగ్గరే చిక్కొచ్చిపడింది. పోలో వాళ్ళకి తెలీదు. పశ్చిమ యూరప్‌కి ఆ ఆట చేరింది 19వ శతాబ్దంలో, అదీ మన మణిపూర్ ఆట చూసి ఇంగ్లీషువాళ్ళు నేర్చుకున్నాక. 1370ల్లో ఆ వంపు తిరిగిన కర్రని చూసిన బొమ్మల పనివాడికి అదేమిటో అంతుపట్టి ఉండదు. ఇటలీలో దాన్ని తిన్నని రాజదండంలా గీశారు. స్పెయిన్‌లో కొమ్మలు నరికిన మొద్దుకర్రలా, అంటే అచ్చంగా దుడ్డుకర్రలా గీశారు. దాని పేరు ‘బాస్తో’. ఉత్తర ఇటలీ ముక్కల్లో కత్తులు మాత్రం ఇప్పటికీ తిన్నగా ఉండవు, మామ్లూక్ ముక్కల్లో లాగే వంపు తిరిగి ఉంటాయి. చేత్తో చూసి గీసే పనిలో ఇలాగే జరుగుతుంది. అర్థమైనదాన్ని తమ పద్ధతిలో దిద్దుకుంటారు, కొన్నిటిని ఉన్నదున్నట్టు దించేస్తారు.

అక్కడి నుంచి ప్రాంతానికో పేక బయల్దేరింది. జర్మనీలో నాలుగు రంగులూ మార్చేశారు. హృదయం, ఆకు, గంట, ఓక్ చెట్టు కాయ. స్విట్జర్లాండ్‌లో గులాబీ, డాలు, గంట, ఓక్ కాయ. స్టుట్‌గార్ట్ మ్యూజియంలో 1430 ప్రాంతం నాటి కట్ట ఒకటుంది, అందులో రంగులు బాతులు, డేగలు, లేళ్ళు, వేటకుక్కలు! వేట సరదా ఉన్న ధనవంతుల కోసం చేసినదని చూడగానే తెలుస్తుంది. అందులో రెండు రంగుల్లో రాజుకి బదులు రాణి ఉంటుంది. రాణి వచ్చిన దారి ఇదే అన్నమాట. తూర్పు నుంచి వచ్చింది కాదు, యూరప్‌లో మధ్యలో ఎక్కింది.

ఇన్ని రకాల్లో చివరికి ప్రపంచమంతా గెలిచింది మాత్రం ఫ్రాన్సు పేక. అది అందంగా ఉందని గెలవలేదు. చవగ్గా తయారైంది కాబట్టి గెలిచింది. ఎలాగో చూడండి.

కట్టలో 52 ముక్కలుంటే వాటిలో బొమ్మ ముక్కలు 12. మిగతా 40 అంకె ముక్కలే. జర్మన్ ఓక్ కాయకి గీతలు, తొడిమ, రెండు మూడు రంగుల సిరాలు కావాలి. ఇటలీ కత్తులైతే ఒకదానిలోంచి ఒకటి దూరిపోయి అల్లుకుని ఉంటాయి. అలాంటివి నలభై ముక్కల మీదా దించాలంటే చెక్క అచ్చులు చెక్కాలి, అచ్చేశాక మళ్ళీ రంగులద్దాలి. 1480 ప్రాంతంలో ఫ్రాన్సు కార్డుల పనివాళ్ళు ఈ గోలంతా తీసేశారు. జర్మన్ గుర్తుల్నే అరగదీసి నాలుగు ఆకారాలు మిగుల్చుకున్నారు. హృదయం, నేల మీద పరిచే చదరపు పెంకు, మూడాకుల గడ్డి, బల్లెం మొన. నాలుగూ లోపల గీతలు లేని ఆకారాలు. రెండు ఎరుపు, రెండు నలుపు, అంతే. అట్టలో ఆ ఆకారంలో కంత కోసి, కాగితం మీద పెట్టి, పైన బ్రష్షుతో ఒక్కసారి సిరా పూస్తే చాలు. ముగ్గుల గొట్టం, చిల్లుల డబ్బా వాడినవాళ్ళకి ఈ కిటుకు వేరే చెప్పక్కర్లేదు. కష్టపడి చెక్క అచ్చు చెక్కాల్సింది ఆ పన్నెండు బొమ్మ ముక్కలకే. నలభై ముక్కలు కంత అట్టతో క్షణాల్లో అయిపోతాయి.

ఈ ఫ్రాన్సు కట్టలోనే రాజు, రాణి, సేవకుడు అనే ముగ్గురు ఖాయమయ్యారు. ఇటలీ, స్పెయిన్ పేకల్లో రాజు తర్వాత గుర్రపు రౌతు, ఆ తర్వాత కాలిబంటు ఉంటారు. ఫ్రాన్సు వాళ్ళు రౌతుని దించేసి ఆ చోట రాణిని కూర్చోబెట్టారు. మన కట్టలో గుర్రం లేకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఇంగ్లండుకి. అక్కడికి ఫ్రాన్సు ముక్కలు ఎక్కువగా రువాన్ అనే ఊరి నుంచి వచ్చాయి. కానీ పేర్లు చూస్తే అంతకుముందే ఇంగ్లీషువాళ్ళకి స్పెయిన్, ఇటలీ తరహా పేక పరిచయమని తెలిసిపోతుంది. బల్లెం మొన బొమ్మ చేతికొచ్చినా దాన్ని ‘స్పేడ్’ అన్నారు. కత్తికి స్పానిష్‌లో ‘ఎస్పాదా’, ఇటాలియన్‌లో ‘స్పాదా’. మూడాకుల బొమ్మ చేతికొచ్చినా దాన్ని ‘క్లబ్’ అన్నారు, అది ‘బాస్తో’కి చేసిన అనువాదం. మిగతా రెండిటికీ కళ్ళకి కనబడినట్టే హృదయం, వజ్రం అని పేరు పెట్టుకున్నారు. మొబైల్ మార్చినా పాత కాంటాక్టుల్లో సగం అవే పేర్లతో ఉండిపోయినట్టు.

ఇది ఊహేనేమో అనిపిస్తే పోర్చుగల్ వైపు చూడండి. ఇవాళ పోర్చుగీసువాళ్ళు ఆడేది కూడా మన చేతిలో ఉన్న ఫ్రాన్సు తరహా ముక్కలతోనే. కానీ ఎర్ర హృదయాన్ని వాళ్ళు ‘కోపస్’ అంటారు, అంటే గిన్నెలు. డైమన్‌ని ‘ఔరొస్’ అంటారు, అంటే బంగారం. ఇస్పేటుని ‘ఎస్పాదస్’, కత్తులు. కళావరుని ‘పౌస్’, కర్రలు. నాలుగు బొమ్మలూ మారిపోయాయి, నాలుగు పేర్లూ కైరో నాటివే!

ఇంగ్లండులో బొమ్మలు కూడా చితికిపోయాయి. చూసి చెక్కినదాన్ని చూసి మళ్ళీ చెక్కడం, ఆ అచ్చు అరిగితే దాన్ని చూసి ఇంకొకటి చెక్కడం. రువాన్ ముక్కల్లో ఆఠీను రాజు చేతిలో గొడ్డలి ఉండేది. కాపీల మీద కాపీల్లో గొడ్డలి తల ఊడిపోయి కామ మిగిలింది, చివరికి అది కత్తయింది. అందుకే ఇవాళ ఆఠీను రాజు తన తలలోకి తానే కత్తి దించుకుంటున్నట్టు కనిపిస్తాడు. ‘ఆత్మహత్య చేసుకున్న రాజు’ అంటూ నెట్‌లో కథలు తిరుగుతుంటాయి. కథేం లేదు, కాపీ కొట్టడంలో జరిగిన పొరపాటు.

ఇస్పేటు ఆసు ఒక్కటే అంత పెద్దగా, నగిషీలతో ఎందుకుంటుందో కూడా ఇంగ్లండులోనే తెలుస్తుంది. అక్కడ 1711 నుంచి పేక కట్టల మీద గట్టిగా పన్ను వేశారు. 1765 నుంచి ఇస్పేటు ఆసుని తయారీదారు అచ్చేసుకోకూడదు, స్టాంపుల ఆఫీసే అచ్చేసి ఇచ్చేది. అంటే ఆ ముక్కే పన్ను రసీదు. దొంగ నోటు కొట్టడం ఎంత నేరమో దొంగ ఆసు కొట్టడమూ అంతే. 1805లో రిచర్డ్ హార్డింగ్ అనే అతన్ని అందుకే ఉరి తీశారు. పన్ను పోయి చాలా ఏళ్ళయినా, ముస్తాబు మాత్రం పోలేదు.

జాకీ పేరు వీటన్నిటికంటే కొత్తది. ఇంగ్లీషులో ఆ ముక్క అసలు పేరు ‘నేవ్’, కుర్రాడు, సేవకుడు అని. ‘జాక్’ అనడం నాటు మనుషుల మాటగా చెల్లేది. డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలలో పిప్ అనే పల్లెటూరి కుర్రాడు జాక్ అన్నాడని గొప్పింటి పిల్ల ఎస్టెల్లా ఎగతాళి చేస్తుంది. అది 1861. ఆ తర్వాత కొన్నేళ్ళకే అమెరికాలో ముక్కల మూలల్లో అక్షరాలు అచ్చేయడం మొదలైంది. ఒక చేత్తో ముక్కల్ని విసనకర్రలా పట్టుకుని మూలలు చూస్తే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది. కానీ కింగ్‌కి ‘కె’, నేవ్‌కి ‘కెఎన్’ అని వేస్తే సగం మూసిన ముక్కల్లో రెండూ ఒకేలా కనబడతాయి. దాంతో ‘జె’ వచ్చి కూర్చుంది. ఎస్టెల్లా ఎగతాళి చేసిన పేరే నిలిచింది.

ఇక్కడ వాట్సాప్ ఫార్వర్డ్ ఒకదాని సంగతి తేల్చాలి. మీకూ వచ్చే ఉంటుంది. ‘పేకలో 52 ముక్కలు అంటే ఏడాదికి 52 వారాలు, నాలుగు రంగులు నాలుగు రుతువులు, పదమూడు ముక్కలు ఒక్కో రుతువులో పదమూడు వారాలు, అన్ని ముక్కల అంకెలూ కూడితే 364, జోకర్‌ని కలిపితే 365’ అని. కూడికలో తప్పులేదు. జాకీని 11, రాణిని 12, రాజుని 13 అనుకుంటే ఒక రంగు మొత్తం 91, నాలుగు రంగులకి 364. కానీ జోకర్ పుట్టింది 1860ల్లో, అమెరికాలో ‘యూకర్’ అనే ఆట కోసం. అప్పటికి 52 ముక్కల కట్టకి అయిదొందల ఏళ్ళు. పైగా 52ని ఆడిన మామ్లూకుల క్యాలెండరు చంద్రుడిది. వాళ్ళ ఏడాదికి 354 రోజులు, అంటే నిండా 51 వారాలు కూడా కావు. ఏ వారాల్ని లెక్కపెట్టి 52 పెట్టుకుంటారు?

52 ఎలా వచ్చిందో పైన చూశాం. పది అంకెలు, ముగ్గురు దర్బారు మనుషులు, నాలుగు రంగులు. ఆ అంకెలో మాయ ఉంటే దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. నిజానికి అందరూ కత్తిరించుకున్నారు. స్పెయిన్‌లో పదుల్ని తీసేసి 48 చేశారు, ఇంకొన్ని ఆటలకి ఎనిమిది, తొమ్మిది కూడా తీసేసి 40 చేశారు. జర్మనీలో చిన్న అంకెలు పీకేసి 36, 32 దాకా దించారు. ఫ్రాన్సులో పికే ఆటకి 32 చాలు. ఇంగ్లండు దగ్గర మాత్రం కత్తెర పడని 52 ఉండిపోయింది. మన పదమూడు ముక్కలాటకి ఆ మొత్తం కట్ట కావాలి మరి.

ఈ పేక బంధువు ఒకటి మన వైపుకి వేరే దారిలో, ఇంగ్లీషువాళ్ళ కంటే చాలా ముందే వచ్చింది. దాని పేరు గంజీఫా. తోప్‌కాపీ ముక్కల్లో ఒకదాని మీద ‘కంజిఫా’ అనే మాట రాసి ఉంది కూడా. 1527లో సింధ్‌లో ఉన్న షా హసన్‌కి ఆ ఆటంటే సరదా అని, అడిగితే పంపించానని బాబర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొగలుల గంజీఫాలో ముక్కలు గుండ్రంగా ఉంటాయి. ఎనిమిది రంగులు, ఒక్కోదానిలో పది అంకెలు, రాజు, మంత్రి. మొత్తం 96. ఇక్కడా రాణి లేదు. మన దగ్గర దశావతారాల పేరుతో పది రంగులు చేసుకుని 120 ముక్కలతోనూ ఆడారు. బొమ్మలకి పేరుపడ్డ నిర్మల్ నకాషీ పనివాళ్ళు ఈ గుండ్రటి ముక్కలకి రంగులు వేసినవాళ్ళే.

రెండూ బంధువులని ఎలా తెలుస్తుంది? గంజీఫాలో ఒక వింత రూలుంది. సగం రంగుల్లో మంత్రి తర్వాత పది పెద్దది. మిగతా సగంలో ఒకటి పెద్దది, పది అన్నిటికంటే చిన్నది. స్పెయిన్‌లో పుట్టి యూరప్ అంతా ఆడిన ఓంబ్రే ఆటలోనూ సరిగ్గా ఇదే తిరకాసు. కత్తులు, కర్రల్లో పెద్ద అంకె పెద్దది. గిన్నెలు, నాణేల్లో చిన్న అంకె పెద్దది. ఇంత అడ్డదిడ్డమైన రూలు రెండు చోట్ల విడివిడిగా పుట్టిందంటే నమ్మలేం. అది పుట్టింటి నుంచి ఇద్దరూ వెంట తెచ్చుకున్న సామాను.

గంజీఫా వెనక్కి తగ్గి, మన చేతికి ఇప్పటి కట్ట వచ్చింది. దాన్ని తెచ్చింది ఇంగ్లీషువాళ్ళే అనుకుంటాం, కానీ మన పేర్లు ఇంకో సంగతి చెబుతాయి. ‘కళావరు’ ఇంగ్లీషు ‘క్లబ్’ నుంచి రాలేదు. హిందీవాళ్ళ ‘చిడీ’ నుంచీ రాలేదు. డచ్చి భాషలో ఈ రంగు పేరు ‘క్లావర్’, అంటే మూడాకుల గడ్డి. ఫ్రాన్సు బొమ్మని చూసి ఉన్నదున్నట్టు పెట్టుకున్న పేరు. డచ్చివాళ్ళు 1605లోనే మచిలీపట్నంలో దిగారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ‘ఆఠీను’ని డచ్చివాళ్ళ ‘హార్టెన్’ పక్కన పెట్టి పలికి చూడండి, హార్ట్స్ కంటే అదే దగ్గర. తమిళంలో కూడా ‘కిళావర్’, ‘ఆర్ట్టిన్’ అంటారు. చాలాకాలం డచ్చి పాలనలో ఉన్న శ్రీలంకలోనైతే నాలుగు పేర్లూ డచ్చివే. కళాబర, హారత, రూయిత, ఇస్కోప్ప. ఈ చివరి మాటకి మూలమైన డచ్చి ‘స్ఖోపెన్’కి అర్థం పారలు. చూశారా, ఆ బొమ్మలో పారని చూసింది వాళ్ళు! సింహళంవాళ్ళు ఆ పారని తీసుకున్నారు. మనం ఇస్పేటు దగ్గర కత్తినే పట్టుకున్నాం. అది పోర్చుగీసు ఓడలో దిగినా, ఇంగ్లీషు ఓడలో దిగినా మూలం కత్తే.

అలా మన కట్టలో కళావరు డచ్చి గడ్డి, ఇస్పేటు కైరో కత్తి, డైమను ఇంగ్లీషు వజ్రం, జాకీ అమెరికా మూల అక్షరంతో స్థిరపడ్డ కుర్రాడు. కర్ర మాత్రం తెలుగు దాకా రానేలేదు, ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయింది. ఇక ఎన్నికలప్పుడు టీవీ వాళ్ళు ఊ అంటే వాడే ‘తురుపు ముక్క’ ఉంది కదా, అదీ డచ్చివాళ్ళ ‘త్రూఫ్’.